నేరాన్ని ఎలా నేర్చుకుంటారు, ఆ పాఠం అక్కడ ఎందుకు ఉంది: సదర్లాండ్, కోహెన్ సిద్ధాంతాల పోలిక

నేరశాస్త్రం పరీక్షలో సదర్లాండ్ డిఫరెన్షియల్ అసోసియేషన్ సిద్ధాంతాన్నీ, పెద్ద సమాజంలో ఒక గుంపు తనకంటూ పెట్టుకున్న విలువల గురించి చెప్పే ఉపసంస్కృతి సిద్ధాంతాలనీ పోల్చి షార్ట్ నోట్ రాయమంటే ఎక్కువమంది రాసే జవాబు ఒకేలా ఉంటుంది. మొదటి సగంలో సదర్లాండ్ చెప్పిన తొమ్మిది సూత్రాలు వస్తాయి. రెండో సగంలో కోహెన్, మిల్లర్, క్లోవర్డ్, ఓలిన్ పేర్లు వస్తాయి. చివర్లో 'రెండూ నేరానికి సామాజిక కారణాలు చెబుతాయి' అని ఒక వాక్యం ఉంటుంది. రాసినవన్నీ నిజమే, కానీ అందులో పోలిక లేదు. రెండు వేర్వేరు నోట్స్‌ని ఒకే పేజీలో పెట్టినట్టు అయింది, అంతే.

అసలు పోలిక ఒక్క చోట ఉంది. ఈ రెండు సిద్ధాంతాలు జవాబు చెప్పే ప్రశ్నలు వేరు. ఒక మనిషి నేరం చేసే మనిషిగా ఎలా మారతాడు అన్నది సదర్లాండ్ ప్రశ్న. అతను నేర్చుకున్న ఆ విలువలు, ఆ పద్ధతులు ఆ పేటలో ఎందుకు ఉన్నాయి, వేరే పేటలో ఎందుకు లేవు అన్నది కోహెన్ ప్రశ్న. ఈ తేడాను మనం పట్టుకోవాల్సిన పని కూడా లేదు. 1955లో వచ్చిన తన 'డెలింక్వెంట్ బాయ్స్' పుస్తకంలో కోహెనే ఈ మాట చెప్పాడు. చుట్టుపక్కల ఉన్న నేర సంస్కృతిని పిల్లవాడు ఎలా అందుకుంటాడో ఇప్పటిదాకా వచ్చిన సిద్ధాంతాలు చెప్పాయి, అందుకోవడానికి అది అక్కడ ఎందుకు ఉందో మాత్రం చెప్పలేదు అన్నది అతని అభ్యంతరం. ఈ ఒక్క మాట దగ్గర పెట్టుకుంటే మిగతాదంతా వరుసగా అర్థమవుతుంది.

ముందు సదర్లాండ్ సంగతి చూద్దాం. ఎడ్విన్ సదర్లాండ్ అమెరికన్ సోషియాలజిస్టు. నేరశాస్త్రం మీద తను రాసిన పాఠ్యపుస్తకంలో 1939 ఎడిషన్‌లో ఈ సిద్ధాంతాన్ని మొదటిసారి సూత్రాలుగా పెట్టాడు. 1947 ఎడిషన్‌లో దాన్ని సవరించి తొమ్మిది సూత్రాలుగా చేశాడు. మనం ఇప్పుడు చదివేది ఆ తొమ్మిదే. ఆ రోజుల్లో నేరస్తుడు పుట్టుకతోనే వేరు, తెలివి తక్కువవాడు, మెదడులో లోపం ఉన్నవాడు అని చెప్పే వాదనలు బలంగా ఉండేవి. వాటికి ఎదురుగా సదర్లాండ్ చెప్పింది ఒకటే: నేర ప్రవర్తన నేర్చుకుంటే వచ్చేది. ఇతర మనుషులతో మాటల్లో, చేతల్లో, ముఖ్యంగా దగ్గరివాళ్లతో కలిసి మెలిసి ఉండడంలో నేర్చుకుంటారు. నేర్చుకునేది రెండు రకాలుగా ఉంటుంది. పని చేసే మెళకువలు ఒకటి, ఆ పని చెయ్యొచ్చు అనిపించే కారణాలు, సమర్థనలు, ఆలోచనా ధోరణి రెండోది.

సిద్ధాంతానికి గుండెకాయ ఆరో సూత్రం. చట్టాన్ని మీరడం తప్పు కాదు అనే అభిప్రాయాలు, మీరడం తప్పు అనే అభిప్రాయాలు ప్రతి మనిషి చుట్టూ ఉంటాయి. మొదటివి రెండోవాటిని మించిపోయినప్పుడు ఆ మనిషి నేరం వైపు వెళతాడు. డిఫరెన్షియల్ అన్న మాటకి ఆధారం ఈ మిగులే. ఇక్కడే చాలామంది పొరపడతారు. దీన్ని 'చెడు స్నేహాలు చెడగొడతాయి' అనే మాటగా కుదించేస్తారు. సదర్లాండ్ చెప్పింది మనుషుల గురించి కాదు, అభిప్రాయాల గురించి. పోలీసులు, జైలు వార్డర్లు, క్రిమినల్ లాయర్లు రోజూ నేరస్తుల మధ్యే గడుపుతారు. అయినా వాళ్లలో ఎక్కువమంది నేరస్తులు కారు. ఎందుకంటే వాళ్లకి ఆ సాంగత్యంతో పాటు, దానికి ఎదురుగా నిలిచే అభిప్రాయాలు అంతకంటే బలంగా అందుతూ ఉంటాయి. మరోవైపు, జీవితంలో ఒక్క దొంగని కూడా కలవని మనిషి, తన ఆఫీసులో పెద్దల నోట 'ఈ రంగంలో అందరూ ఇలాగే చేస్తారు' అనే మాట విని లెక్కలు తారుమారు చేయడం నేర్చుకోవచ్చు. అది కూడా డిఫరెన్షియల్ అసోసియేషనే.

ఏ సాంగత్యం ఎంత పని చేస్తుందనేది ఏడో సూత్రం చెబుతుంది. ఎంత తరచుగా, ఎంతకాలం, ఎంత చిన్న వయసులో మొదలై, ఎవరి నుంచి అన్నవి చూడాలి. చివరిదాన్ని సదర్లాండ్ తీవ్రత అన్నాడు, అంటే చెప్పే మనిషికి వినేవాడి మనసులో ఉన్న గౌరవం, అనుబంధం. తొమ్మిదో సూత్రాన్ని షార్ట్ నోట్‌లో ఎవరూ పట్టించుకోరు గానీ, నా ఉద్దేశంలో పోలికకి అదే ఎక్కువ పనికొస్తుంది. డబ్బు కోసం దొంగతనం చేశాడు అనడం వివరణ కాదంటాడు సదర్లాండ్, ఎందుకంటే కూలీ పని చేసేవాడూ డబ్బు కోసమే చేస్తాడు. అవసరం ఇద్దరికీ ఒకటే, కాబట్టి తేడాను అవసరంలో వెతకడం దండగ. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి. కోహెన్ దగ్గరికి వచ్చేసరికి ఇది ఎదురుతిరుగుతుంది.

ఇప్పుడు ఒక అసలు మనిషి కథ మీద దీన్ని పరీక్షిద్దాం. 1930లో క్లిఫర్డ్ షా అనే చికాగో పరిశోధకుడు 'ది జాక్ రోలర్' అనే పుస్తకం వేశాడు. తాగి పడి ఉన్నవాళ్ల జేబులు కొట్టేవాళ్లని అక్కడ జాక్ రోలర్లు అనేవారు. స్టాన్లీ అనే మారుపేరుతో ఒక కుర్రవాడు తన కథను తనే రాసుకున్న పుస్తకం అది. పోలిష్ వలస కుటుంబం, చికాగోలో పశువుల కబేళాల వెనకున్న పేద పేట. స్టాన్లీకి నాలుగేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లితో పాటు ఆమె పిల్లలు వచ్చారు. వాళ్లలో విలియం అనే సవతి అన్న స్టాన్లీకి దొంగతనం నేర్పాడు. గూడ్సు రైలు పెట్టెల్లోంచి, మార్కెట్‌లోంచి సరుకులు ఎత్తుకు రావడం, తెచ్చినదాన్ని ఇంట్లో ఇవ్వడం అలవాటైంది. సవతి తల్లి వద్దనకపోగా పురమాయించేది. ఆ పేటలో పిల్లలు దొంగతనం చేయడం మామూలేననీ, పెద్దవాళ్లు దాన్ని తప్పుగా చూసేవాళ్లు కాదనీ స్టాన్లీ స్వయంగా రాశాడు.

సదర్లాండ్ సూత్రాలు ఈ కథకి ఎంత బాగా సరిపోతాయో చూడండి. తీవ్రత చూస్తే, నేర్పినవాడు అన్న, ప్రోత్సహించింది ఇంటి పెద్ద. వయసు చూస్తే, బడి అలవాటయ్యే వయసులోనే ఇదీ మొదలైంది. తరచుదనం, కాలవ్యవధి చూస్తే, రోజూ, ఏళ్ల తరబడి. ఆ తర్వాత స్టాన్లీ ఇంటి నుంచి పారిపోవడం, పట్టుబడడం, సెయింట్ చార్లెస్ అనే బాలల సంస్థకి, తర్వాత పాంటియాక్ రిఫార్మేటరీకి వెళ్లడం వరుసగా జరిగాయి. సరిదిద్దాల్సిన ఆ సంస్థల్లో తనకంటే పెద్దవాళ్ల సాహసకథలు విని వాళ్లని ఆరాధించడం, కొత్త మెళకువలు నేర్చుకోవడం కూడా అతని కథలో ఉంది. ప్రభుత్వం అతన్ని పాత సాంగత్యం నుంచి తీసి అంతకంటే గట్టి సాంగత్యంలో పెట్టింది. ఇక చివరి భాగం. షా అతనికి ఆ పేటకి దూరంగా వేరే కుటుంబంలో చోటు చూపించి, సేల్స్‌మన్ ఉద్యోగంలో పెట్టించాడు. అభిప్రాయాల తూకం మారింది. పుస్తకం వచ్చేనాటికి స్టాన్లీ ఆ దారి వదిలాడు.

ఇంత చక్కగా సరిపోయిన చోటే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. స్టాన్లీకి విలియం నేర్పాడు. మరి విలియంకి ఎవరు నేర్పారు? అతనికంటే పెద్దవాళ్లు అనుకుందాం. వాళ్లకి? ఇలా వెనక్కి వెళుతూ పోతే సదర్లాండ్ దగ్గర ఆగే చోటు దొరకదు. ఆ పేటలో దొంగతనం తప్పు కాదనే అభిప్రాయం మొదట ఎలా పుట్టింది, కొన్ని మైళ్ల దూరంలో ఉన్న మధ్యతరగతి పేటలో ఎందుకు పుట్టలేదు? దీనికి సదర్లాండ్ పూర్తిగా మౌనంగా లేడు. ఒక పెద్ద సమాజంలో ఒకదానికొకటి పొసగని గుంపులు, విలువలు ఉంటాయి, ఏ గుంపు చుట్టూ ఎలాంటి కట్టుబాట్లు ఉన్నాయన్నదాన్ని బట్టి నేరాల రేటు మారుతుంది అన్నాడు. కానీ ఆ మాటను విస్తరించి సిద్ధాంతంగా నిలబెట్టలేదు.

ఆ ఖాళీలోకి వచ్చింది ఉపసంస్కృతి వాదం. ఆల్బర్ట్ కోహెన్ హార్వర్డ్‌లో రాబర్ట్ మెర్టన్ దగ్గర, ఇండియానా యూనివర్సిటీలో సదర్లాండ్ దగ్గర చదువుకున్నాడు. ఈ గురుశిష్య సంబంధం పరీక్షలో రాయదగ్గ విషయం. ఎందుకంటే కోహెన్ గురువుని కాదనలేదు, గురువు వదిలిన చోట నుంచి మొదలుపెట్టాడు. అతను చూపించిన తర్కం ఇలా సాగుతుంది. అమెరికా బడుల్లో పిల్లల్ని ఒకే కొలబద్దతో కొలుస్తారు. పొద్దున్నే సమయానికి రావడం, మర్యాదగా మాట్లాడడం, రేపటి కోసం ఇవాళ్టి సుఖాన్ని వాయిదా వేసుకోవడం, వస్తువుల్ని జాగ్రత్తగా చూసుకోవడం లాంటివి ఆ కొలబద్ద మీద గీతలు. అది మధ్యతరగతి ఇళ్లలో తయారైన కొలబద్ద. శ్రామిక కుటుంబాల పిల్లలు అలాంటి పెంపకం లేకుండానే అదే పోటీలో నిలబడాలి. చాలామంది ఓడిపోతారు. ఓడినవాళ్లకి గౌరవం దొరకదు. ఆ సమస్య ఒక్కడిది కాదు, పక్కపక్కన కూర్చున్న చాలామందిది. ఒకే బాధ ఉన్న కుర్రాళ్లు ఒకచోట చేరినప్పుడు, తమకి గౌరవం దొరికే కొత్త కొలబద్దని తామే తయారు చేసుకుంటారు. అది బడి కొలబద్దకి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. బడి ఏది మంచిదంటే అది ఇక్కడ చెడ్డది. బడి ఏది తప్పంటే అది ఇక్కడ గొప్ప.

ఇందుకే ఈ గుంపుల నేరాలకి లాభాపేక్ష ఉండదంటాడు కోహెన్. ఎత్తుకొచ్చిన వస్తువుని పారేస్తారు, వేరేవాళ్ల బాధలో ఆనందం వెతుక్కుంటారు, కట్టుబాటు కనిపిస్తే చాలు దాన్ని తిరగేస్తారు. వాళ్లకి కావలసింది వస్తువు కాదు, తోటివాళ్ల ముందు పరువు. పైకి అంత ద్వేషం ఎందుకంటే, లోపల మధ్యతరగతి విలువలు ఇంకా బలంగా ఉన్నాయి కాబట్టి అన్నది అతని వివరణ. పట్టించుకోని విషయం మీద ఎవరూ అంత కసి చూపించరు.

ఇప్పుడు సదర్లాండ్ తొమ్మిదో సూత్రం గుర్తు చేసుకోండి. అవసరం నేరాన్ని వివరించదని గురువు అన్నాడు. శిష్యుడు మళ్లీ అవసరం దగ్గరికే వచ్చాడు. కాకపోతే ఇది ఒక మనిషి ఆకలి గురించో డబ్బు గురించో కాదు, ఒక వర్గం పిల్లలందరికీ ఒకేసారి ఎదురయ్యే గౌరవ సమస్య గురించి. సదర్లాండ్ అభ్యంతరం వ్యక్తి స్థాయిలో నిలుస్తుంది. ఎందుకంటే ఒకే సమస్య ఉన్న ఇద్దరిలో ఒకడు దొంగ, ఒకడు కాదు. కోహెన్ వాదన గుంపు స్థాయిలో నిలుస్తుంది. ఎందుకంటే ఒకే సమస్య ఉన్నవాళ్లు గుమిగూడిన చోటే ఆ పరిష్కారం పుడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు కొట్టేసుకున్నట్టు కనిపించినా, మాట్లాడుతున్న స్థాయిలు వేరు.

మరి స్టాన్లీ కథ కోహెన్‌కి సరిపోతుందా? నిజాయితీగా చెప్పాలంటే సగమే. స్టాన్లీ తెచ్చిన సరుకు ఇంటికి వెళ్లింది. తాగినవాళ్ల జేబుల్లోంచి తీసింది ఖర్చులకి పనికొచ్చింది. ఇది లాభం లేని, కసితో చేసిన దొంగతనం కాదు. పైగా ఇంట్లో పెద్దవాళ్లే అడ్డు చెప్పని పేటలో, పిల్లలు పెద్దల విలువల మీద తిరగబడ్డారు అనడం కష్టం. కోహెన్ చిత్రం ఎక్కడ వదులవుతుందో ఈ ఒక్క కేసు చాలావరకు చూపిస్తుంది. అతను గుంపులుగా తిరిగే కుర్రాళ్ల విధ్వంసాన్ని బాగా వివరించాడు, తిండికీ డబ్బుకీ చేసే దొంగతనాన్ని కాదు.

వాల్టర్ మిల్లర్ 1958లో బోస్టన్‌లోని రాక్స్‌బరీ ప్రాంతాన్ని పరిశీలించి, కోహెన్ చెప్పిన తిరుగుబాటు అసలు లేదన్నాడు. అది దిగువ వర్గాల సొంత సంస్కృతి, మొండితనం, చురుకుదనం, ఉత్కంఠ, ఎవరి మాటా వినకపోవడం లాంటి వాటికి అక్కడ తరతరాలుగా విలువ ఉంది, పిల్లలు దాన్నే పాటిస్తున్నారు అన్నది అతని మాట. స్టాన్లీ ఇంటికి ఇది కోహెన్ కంటే దగ్గరగా ఉంది. కానీ ఆ సంస్కృతి ఎందుకు అలా ఉందో మిల్లర్ దగ్గర బలమైన జవాబు లేదు. దిగువ వర్గాల జీవితమే నేరానికి దగ్గరగా ఉంటుందని వినిపించే ప్రమాదం ఇక్కడే మొదలైంది. దీని గురించి కింద మళ్లీ మాట్లాడతాను.

పోలికకి అసలైన వంతెన క్లోవర్డ్, ఓలిన్. 1960లో వచ్చిన వాళ్ల పుస్తకం రెండు వైపులనీ కావాలనే కలిపింది. రిచర్డ్ క్లోవర్డ్ మెర్టన్ శిష్యుడు, లాయిడ్ ఓలిన్ సదర్లాండ్ దగ్గర చదివినవాడు. మెర్టన్ ఏమన్నాడంటే, సమాజం అందరికీ ఒకే లక్ష్యం చూపిస్తుంది గానీ దాన్ని చేరే చట్టబద్ధమైన దారి అందరికీ ఇవ్వదు, ఆ ఒత్తిడిలోంచి నేరం వస్తుంది. క్లోవర్డ్, ఓలిన్ దీనికి చేర్చింది ఒక ముఖ్యమైన మాట: చట్టవిరుద్ధమైన దారి కూడా అందరికీ ఒకేలా దొరకదు. దొంగ కావాలన్నా నేర్పేవాడు ఉండాలి, సరుకు కొనేవాడు ఉండాలి, పట్టుబడితే విడిపించేవాడు ఉండాలి. ఇది నేరుగా సదర్లాండ్ నుంచి తెచ్చుకున్న ఆలోచన. పెద్ద నేరస్తులు స్థిరపడి, పిల్లల్ని చేరదీసే పేటల్లో డబ్బు కోసం క్రమబద్ధంగా నేరం చేసే ఉపసంస్కృతి వస్తుంది. అలాంటి స్థిరత్వం లేని పేటల్లో గొడవలతో పేరు తెచ్చుకునే గ్యాంగులు వస్తాయి. రెండు దారుల్లోనూ చోటు దొరకనివాళ్లు మత్తులోకి వెళతారు.

స్టాన్లీని ఇక్కడ పెడితే సరిగ్గా కూర్చుంటాడు. వాళ్ల పేటలో నేర్పేవాళ్లు ఉన్నారు, తెచ్చిన సరుకు తీసుకునేవాళ్లు ఉన్నారు, పెద్దవాళ్ల ఆమోదం ఉంది. కాబట్టి అక్కడ పుట్టింది డబ్బుకి దారితీసే నేరం. విలియంకి ఎవరు నేర్పారు అనే ప్రశ్నకి కూడా ఇక్కడ ఒక జవాబు ఉంది. నేర్పినవాడి పేరు చెప్పనక్కర్లేదు. కబేళా పేటలో వలస కుటుంబాలకి తక్కువ జీతాలు, పక్కనే ఎప్పుడూ ఉండే గూడ్సు రైలు పెట్టెలు, చట్టం మీద పెద్దగా నమ్మకం లేని ఇరుగుపొరుగు. ఈ పరిస్థితి ఆ అభిప్రాయాల్ని తయారు చేస్తూ ఉంటుంది. వాటిని స్టాన్లీ దాకా తీసుకొచ్చింది విలియం.

ఇక రెండింటి లోపాలు. ఇక్కడ కూడా షార్ట్ నోట్లలో ఒక తప్పు కనిపిస్తుంది. రెండింటి మీదా ఒకే విమర్శ రాసేస్తారు, 'వ్యక్తిగత తేడాలను విస్మరించాయి' అని. నిజానికి ఒకటి బలంగా ఉన్న చోటే రెండోది బలహీనం.

సదర్లాండ్ బలం ఏమిటంటే అతని సిద్ధాంతానికి వర్గం అవసరం లేదు. 1939 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో అమెరికన్ సోషియాలజిస్టుల సభలో అధ్యక్షోపన్యాసం ఇస్తూ అతను వైట్ కాలర్ నేరం గురించి, అంటే పరువు, పదవి ఉన్నవాళ్లు తమ వృత్తిలో చేసే నేరం గురించి మాట్లాడాడు. 1949లో దాని మీద పుస్తకం వేశాడు. అమెరికాలోని 70 పెద్ద కంపెనీల మీద కోర్టులు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చిన 980 వ్యతిరేక నిర్ణయాలను అందులో లెక్కగట్టాడు. సగటున ఒక్కో కంపెనీకి 14. పబ్లిషర్ భయపడడంతో కంపెనీల పేర్లు తీసేసి వేశారు. పేర్లతో కూడిన పూర్తి పుస్తకం 1983లో గానీ రాలేదు. పేదరికమే నేరానికి కారణమైతే ఈ కంపెనీల పెద్దలు ఎందుకు చట్టం మీరారు? కోహెన్ దగ్గర దీనికి జవాబు లేదు, మిల్లర్ దగ్గర లేదు. బడిలో అవమానం పొందిన శ్రామిక కుర్రవాడి సిద్ధాంతంతో కంపెనీ డైరెక్టర్‌ని వివరించలేం. సదర్లాండ్ వివరించగలడు. ఆ డైరెక్టర్ చుట్టూ చట్టాన్ని తేలిగ్గా తీసుకునే అభిప్రాయాలే ఎక్కువ, వాటిని చెప్పేది అతను గౌరవించే సీనియర్లు.

సదర్లాండ్ బలహీనత కొలతలో ఉంది. ఒక మనిషి పుట్టినప్పటి నుంచి విన్న అభిప్రాయాల్ని రెండు కుప్పలుగా పోసి తూచడం ఎవరి వల్లా కాదు. నేరం చేశాడు కాబట్టి అభిప్రాయాలు మించాయి అంటే, అది చుట్టూ తిరిగి మొదటికే వచ్చిన వాదన అవుతుంది. అతని శిష్యుడు డొనాల్డ్ క్రెసీయే ఈ ఇబ్బందిని ఎదుర్కొన్నాడు. నమ్మి అప్పగించిన డబ్బు కాజేసి జైల్లో ఉన్నవాళ్లతో మాట్లాడి 1953లో ఒక పుస్తకం వేశాడు. చాలామందికి నేరస్తుల సాంగత్యం దాదాపు లేదు. కనిపించింది వేరే వరస: ఎవరికీ చెప్పుకోలేని ఒక డబ్బు సమస్య, దాన్ని రహస్యంగా తీర్చుకునే అవకాశం చేతిలో ఉండడం, 'నేను అప్పుగా తీసుకుంటున్నాను, తిరిగి పెట్టేస్తాను' అని తనకి తాను చెప్పుకోవడం. ఆ చివరి మాట మాత్రం వాళ్లు సొంతంగా కనిపెట్టింది కాదు. అలాంటి సమర్థనలు మామూలు సమాజంలోనే దొరుకుతాయి. కాబట్టి సదర్లాండ్ పూర్తిగా ఓడిపోలేదు. అభిప్రాయాలు నేరస్తుల నుంచే రావాలని లేదు అన్నది మరింత స్పష్టమైంది.

ఉపసంస్కృతి వాదం బలహీనత వేరే చోట ఉంది. గ్రెషామ్ సైక్స్, డేవిడ్ మాట్జా 1957లో దాన్ని నేరుగా పట్టుకున్నారు. ఈ కుర్రాళ్లకి నిజంగా తలకిందుల విలువలే ఉంటే, పట్టుబడినప్పుడు సిగ్గు, తప్పు చేశామన్న బాధ ఎందుకు? నిజాయితీగా బతికేవాళ్లంటే గౌరవం ఎందుకు? అందరినీ కాకుండా కొందరినే ఎందుకు దోచుకుంటారు? వాళ్లకి మామూలు విలువలే ఉన్నాయి, తప్పు చేసే ముందు వాటి నోరు తాత్కాలికంగా మూయించడానికి కొన్ని సాకులు నేర్చుకుంటారు అన్నది వీళ్ల జవాబు. ఎవరికీ నష్టం లేదులే, వాడికి అలాగే కావాలి, మా వాళ్ల కోసం చేశాను లాంటివి ఆ సాకులు. సదర్లాండ్ చెప్పిన 'చట్టం మీరడానికి అనుకూలమైన అభిప్రాయాలు' అంటే ఇవేనని వాళ్లు రాశారు. అంటే ఉపసంస్కృతి వాదాన్ని విమర్శించినవాళ్లు తిరిగి సదర్లాండ్ దగ్గరికే చేరారు.

ఇదంతా షార్ట్ నోట్‌లోకి కుదించాలంటే నేనైతే ఇలా రాస్తాను:

'నేర ప్రవర్తనను మనిషి దగ్గరివాళ్ల నుంచి నేర్చుకుంటాడనీ, చట్టం మీరడానికి అనుకూలమైన అభిప్రాయాలు వ్యతిరేకమైనవాటిని మించినప్పుడు నేరస్తుడవుతాడనీ సదర్లాండ్ (1939, 1947) అంటాడు. సాంగత్యం ప్రభావం దాని తరచుదనం, వ్యవధి, ముందుదనం, తీవ్రతను బట్టి ఉంటుంది. ఇది నేరం ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతుందో చెబుతుంది. చేరే ఆ విలువలు కొన్ని గుంపుల్లోనే ఎందుకు పుట్టాయన్నది ఉపసంస్కృతి సిద్ధాంతాల ప్రశ్న. మధ్యతరగతి కొలబద్ద దగ్గర ఓడిన శ్రామిక వర్గ పిల్లలు కలిసి తయారుచేసుకున్న పరిష్కారం అది అని కోహెన్ (1955), దిగువ వర్గాల సొంత సంస్కృతి అని మిల్లర్ (1958), చట్టబద్ధ, చట్టవిరుద్ధ అవకాశాలు రెండూ అసమానంగా ఉండడం వల్ల వచ్చిందని క్లోవర్డ్, ఓలిన్ (1960) అన్నారు. రెండు వర్గాలూ నేరస్తుణ్ణి మామూలు మనిషిగానే చూస్తాయి, గుంపుకి ప్రాధాన్యం ఇస్తాయి. మొదటిది అన్ని వర్గాల నేరాలకీ, వైట్ కాలర్ నేరాలకీ వర్తిస్తుంది గానీ కొలవడం కష్టం, విలువల పుట్టుక చెప్పదు. రెండోది పుట్టుక చెబుతుంది గానీ పట్టణ పేద యువకుల గుంపులకే పరిమితం, గుంపులో అందరి విలువలూ ఒకటేనని ఎక్కువ చేసి చెబుతుంది. క్లోవర్డ్, ఓలిన్ సిద్ధాంతంలో రెండూ కలుస్తాయి.'

ముందుదనం అంటే చిన్న వయసులో మొదలవడం. చోటు ఉంటే మన చట్టాన్ని కూడా ఒక వాక్యంలో జోడించొచ్చు, ఎందుకంటే సదర్లాండ్ ఆలోచనతో కలిసే మాటలు అందులో స్పష్టంగా ఉన్నాయి. నేరస్తుణ్ణి జైలుకి పంపకుండా మంచి నడవడి షరతు మీద విడిచిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉద్దేశం గురించి జుగల్ కిశోర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1972లో చెప్పింది ఇదే: ముదిరిన నేరస్తుల సాంగత్యంలో పడి యువ నేరస్తులు మొండి నేరస్తులుగా మారకుండా చూడడం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం పదో సెక్షన్ ప్రకారం చట్టంతో సంఘర్షణలో ఉన్న పిల్లవాణ్ణి పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. స్టాన్లీకి సెయింట్ చార్లెస్‌లో ఎదురైనది తలుచుకుంటే ఆ సెక్షన్ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఉపసంస్కృతి వాదాన్ని మన నేల మీదికి తెచ్చేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మిల్లర్ దగ్గర ఆపిన మాట ఇదే. ఒక గుంపు సంస్కృతే నేరానికి దగ్గరగా ఉంటుంది అనే ఆలోచనను మన దగ్గర ప్రభుత్వం ఈ సిద్ధాంతాలు పుట్టకముందే చట్టంగా చేసింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఆ తర్వాత కొద్దికాలానికే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వచ్చింది. ఎరుకుల కుటుంబాలను అక్కడ పెట్టారు, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో ఉండేది. ఒక మనిషి ఏం చేశాడు అని కాకుండా ఏ కులంలో పుట్టాడు అన్నదాన్ని బట్టి పేరు రిజిస్టర్‌లో ఎక్కేది, హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. ఈ చట్టాన్ని 1952లో రద్దు చేశారు గానీ స్టూవర్టుపురం పేరు చెబితే దొంగలు గుర్తొచ్చే అలవాటు తర్వాత చాలాకాలం పోలేదు.

కోహెన్‌ని సరిగ్గా చదివితే ఈ చట్టానికి ఆధారం దొరకదు. అతని వాదన ప్రకారం నేర ఉపసంస్కృతి ఒక జాతి రక్తంలోంచి వచ్చేది కాదు, వారసత్వంగా మోసుకొచ్చేదీ కాదు. బయటి సమాజం ఇచ్చిన ఓటమికి, గౌరవం నిరాకరించినదానికి గుంపు ఇచ్చుకున్న సమాధానం. అలా చూస్తే పరిశీలించాల్సింది సెటిల్‌మెంటులో ఉన్నవాళ్ల సంస్కృతిని మాత్రమే కాదు. వాళ్లని కంచె వెనక పెట్టి, అందరి కంటే ముందే నేరస్తులుగా కొలిచిన కొలబద్దని కూడా. సంచార జీవనంలో ఉప్పు, ధాన్యం మోసుకుని అమ్ముకునే పనులు ఎరుకులకి ఉండేవి. రైళ్లు, కొత్త రోడ్లు, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం ఆ జీవనాన్ని దెబ్బతీశాయి. క్లోవర్డ్, ఓలిన్ భాషలో చెప్పాలంటే చట్టబద్ధమైన దారి ముందు మూసుకుపోయింది, నేరస్తులనే ముద్ర ఆ తర్వాత పడింది. ఈ వరసను తిరగేసి, సంస్కృతిని ముందు పెట్టి దారులు మూసిన సంగతిని వదిలేస్తే, ఉపసంస్కృతి సిద్ధాంతం పేరుతో మనం రాసేది 1871 చట్టం నమ్మిన మాటే అవుతుంది.